మామిడి సీజన్‌కు ముందు: షుగర్ ఉన్న ఇంట్లో పండు తూకం, గ్లాసులో రసం

ఏప్రిల్ సగానికి వచ్చేసరికి బంగినపల్లి బండ్ల మీదికి వస్తుంది, మే నెలలో రసాలు అందుకుంటాయి, తొలకరి పడేదాకా ఇంట్లో మామిడిపండు లేని రోజంటూ ఉండదు. మధుమేహం ఉన్నవారి ఇళ్ళలో ఈ రెండున్నర నెలల కాలంలో సాధారణంగా రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. పండు జోలికి పోనని ఒట్టు పెట్టుకున్న మనిషి, పిల్లల కోసం మిక్సీలో వేసిన రసం ఎదురుగా కనబడగానే ‘కాస్త రసమే కదా’ అని గ్లాసు అందుకోవడం మొదటిది. ‘రోజుకొక్క పండు’ అని నియమం పెట్టుకుని, ఆ ఒక్క పండు ఎంత బరువుందో ఏనాడూ చూసుకోకపోవడం రెండవది. సీజన్ మొదలయ్యేలోగా ఈ రెండింటి సంగతి తేల్చుకుంటే, పండును పూర్తిగా మానుకోవలసిన అవసరం చాలామందికి రాదు.

ముందుగా తూకం సంగతి చూద్దాం. ఆహార పట్టికల్లో మామిడిపండు ఎదురుగా కనిపించే అంకెలన్నీ తినే భాగానికి సంబంధించినవే తప్ప, తొక్కా టెంకా కలిపిన పండుకు సంబంధించినవి కావు. తినే భాగం 100 గ్రాములు తీసుకుంటే అందులో పిండిపదార్థం సుమారు 15 గ్రాములు ఉంటుంది. ఆ 15లో 13 నుంచి 14 గ్రాముల దాకా చక్కెరే. పీచు మాత్రం గ్రామున్నర కంటే కాస్త ఎక్కువ, అంతే. మిగిలినదంతా దాదాపుగా నీరు. కాబట్టి పండు బరువులో నోటిలోకి వెళ్ళేది ఎంత అన్నది తెలియకుండా ఈ అంకెలతో మనకు పనిలేదు.

మా వంటింట్లో ఒక బంగినపల్లి పండును ఈ లెక్క కోసమే తూచి చూశాను. ముచ్చిక తీసి కడిగిన పండు 412 గ్రాములు తూగింది. తొక్క పలచగా చెక్కితే 58 గ్రాములు వచ్చింది. టెంకకు అంటుకున్న కండను కత్తితో వీలైనంతవరకు గీసి తీశాక టెంక 64 గ్రాములు మిగిలింది. అంటే తినగలిగింది 290 గ్రాములు, పండు బరువులో నూటికి 70 వంతులు. ఆ 290 గ్రాముల్లో పిండిపదార్థం 43 గ్రాములకు పైగా, చక్కెర దాదాపు 40 గ్రాములు, పీచు నాలుగున్నర గ్రాములు ఉన్నట్టు లెక్క. మధుమేహ ఆహార లెక్కల్లో ఒక వంతు పండు అంటే 15 గ్రాముల పిండిపదార్థమని అర్థం. ఆ ప్రకారం ‘రోజుకొక్క పండు’ అనుకున్న మనిషి ఒక్కసారిగా మూడు వంతులు తిన్నట్టయింది.

చీకి తినే రసాల విషయంలో తొక్క చెక్కి గుజ్జు తూచడం కుదరదు గనుక వెనుక నుంచి లెక్క కట్టాలి. తినేముందు పండును తూచి, తిన్న తరువాత మిగిలిన తొక్కను, టెంకను కలిపి తూచి, మొదటి అంకెలోంచి తీసివేస్తే సరిపోతుంది. 186 గ్రాముల చిన్న రసం ఒకటి ఇలా చూస్తే 78 గ్రాములు మిగిలింది, 108 గ్రాములు కడుపులోకి పోయింది. బంగినపల్లి టెంక పలచనిది, రసాల్లో టెంక వాటా ఎక్కువ. అందుకే బజారులో ఒకే బరువున్న రెండు రకాలు తినే భాగంలో ఒకటి కావు. ఒక చిన్న రసం ఇంచుమించు ఒక వంతుకు సరిపోయినప్పుడు, మంచి సైజు బంగినపల్లిలో మూడో భాగం మాత్రమే ఆ వంతుకు సమానమవుతుంది. ఈ తూకం సీజనంతా వేయనక్కరలేదు. ఇంట్లోకి వచ్చే రకం మారినప్పుడల్లా ఒకసారి వేస్తే, ఆ తరువాత కళ్ళే లెక్క చెబుతాయి.

పులుపు తగిలిన పండు షుగర్‌కు మంచిదన్న నమ్మకం ఒకటి చాలా ఇళ్ళలో ఉంది. కాయ మగ్గేటప్పుడు అందులోని పిండి చక్కెరగా మారుతుంది, ఆమ్లం తగ్గుతుంది. నాలుకకు పులుపు తెలిసిందంటే ఆమ్లం ఇంకా మిగిలి ఉన్నదని అర్థమే గాని, పిండిపదార్థం తక్కువని కాదు. రుచిని బట్టి వంతు పెంచుకోవడం సరికాదు.

ఇక రసం దగ్గరకు వద్దాం. ‘రసం చేస్తే పీచు పోతుంది, అందుకే చెడ్డది’ అని అందరూ చెబుతుంటారు. బత్తాయికీ కమలాకీ ఆ మాట బాగా వర్తిస్తుంది, ఎందుకంటే వాటిని పిండి, పిప్పిని పారేస్తాం. మామిడిని మాత్రం గుజ్జుతో సహా మిక్సీలో తిప్పుతాం. వడకట్టకపోతే పీచు గ్లాసులోనే ఉంటుంది. వడకడితే, ముఖ్యంగా పీచు రసాల విషయంలో, చాలావరకు జల్లెడలో మిగిలిపోతుంది. అయినా మామిడిలో మొదటి నుంచీ పీచు కొద్దిగానే ఉంది గనుక, నా అభిప్రాయంలో మామిడి రసంతో వచ్చే అసలు చిక్కు పీచు పోవడం కంటే రెండు ఇతర విషయాలలో ఉంది. అవి పరిమాణం, వేగం.

పరిమాణం సంగతి గ్లాసులోనే కనిపిస్తుంది. పావు లీటరు చిక్కటి రసానికి సుమారు 200 గ్రాముల గుజ్జు, కాసిని నీళ్ళు, రెండు టీ చెంచాల పంచదార పడతాయి. చల్లదనం తీపిని నాలుకకు తెలియకుండా మందగింపజేస్తుంది గనుక, ఐసు ముక్కలు వేసిన రసానికి పంచదార కావాలనిపించడం సహజం; పండు బాగా తియ్యగా ఉన్నా జ్యూస్ బండి దగ్గర పంచదార డబ్బా తెరుచుకునేది ఇందుకే. గుజ్జు నుంచి 30 గ్రాములు, పంచదార నుంచి 10 గ్రాములు కలిపితే పిండిపదార్థం 40 గ్రాములు అయింది. పాలు పోసి షేక్ చేస్తే పాలలోని చక్కెర దానికి అదనం. ఇన్ని గ్రాముల పండును ముక్కలుగా కోసి పళ్ళెంలో పెడితే మధ్యలో ఎక్కడో ఒకచోట చెయ్యి ఆగుతుంది. గ్లాసు మాత్రం ఖాళీ అయ్యేదాకా దిగదు.

వేగం సంగతిని 1977లో బ్రిస్టల్ పరిశోధకులు యాపిల్‌తో చేసిన ఒక చిన్న ప్రయోగం చక్కగా చూపించింది. ఒకే మొత్తం పిండిపదార్థం ఉండేలా పండును, మెత్తటి గుజ్జును, రసాన్ని పదిమందికి వేర్వేరు సందర్భాల్లో ఇచ్చి చూశారు. పండు తినడానికి పట్టిన కాలంతో పోలిస్తే రసం పదకొండు రెట్లు వేగంగా కడుపులోకి వెళ్ళింది. గ్లూకోజు మూడింటిలోనూ ఒకే స్థాయిదాకా పెరిగినా, రసం తరువాత ఇన్సులిన్ ఎక్కువగా విడుదలై, ఆ వెంటనే గ్లూకోజు బాగా పడిపోయింది. కడుపు నిండిన భావన కూడా రసంతోనే అన్నిటికంటే తక్కువ. వాళ్ళందరూ ఆరోగ్యవంతులు. అవసరమైనంత ఇన్సులిన్ వెంటనే అందించలేని శరీరంలో ఈ వేగమే భారమవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో పండ్ల రసాల్లోని చక్కెరను పంచదారతో పాటే ఒకే గాటన కట్టి, పూర్తి పండులోని చక్కెరను ఆ లెక్క నుంచి మినహాయించింది. రోజుకు రెండు వేల కేలరీలు తినే మనిషికి ఆ కోవలోని చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మేలని అది సూచిస్తుంది. పైన చెప్పిన గ్లాసులో అలాంటి చక్కెర 37 గ్రాములు ఉంది. ప్యాకెట్ మామిడి పానీయాల గురించి ఒక్క మాట చాలు: మన దేశంలో ‘ఫ్రూట్ డ్రింక్’ అని అమ్మడానికి అందులో పదో వంతు పండు ఉంటే నిబంధన తీరిపోతుంది. మిగిలిన తీపి ఎక్కడిదో అట్ట మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

పండు ఎప్పుడు, దేనితో తినాలన్నది తరువాతి జాగ్రత్త. పెరుగన్నంలో మామిడిపండు నంజుకోవడం మన అలవాటు, దానిని మానమని చెప్పే ధైర్యం నాకు లేదు. అయితే 100 గ్రాముల ముక్కలు విస్తట్లోకి వచ్చినప్పుడు సుమారు 55 గ్రాముల అన్నం, అంటే ఒక చిన్న గరిటెడు, విస్తట్లోంచి వెనక్కి పోవాలి. రెండింటిలోనూ పిండిపదార్థం ఇంచుమించు సమానం. అన్నం తగ్గించకుండా పండు కలపడమే సీజన్‌లో షుగర్ పెరగడానికి ఎక్కువసార్లు కారణమవుతుంది. పండు తిన్నానని మాత్ర మరొకటి వేసుకోవడం, పండు కోసమని భోజనం ఎగ్గొట్టడం కూడా ప్రమాదకరమే, ముఖ్యంగా ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి.

మీ శరీరానికి ఎంత పండు సరిపడుతుందో తెలుసుకోవడానికి ఇంట్లో ఉన్న గ్లూకోమీటరు చాలు, కాని ఉదయం పరగడుపున మాత్రమే చూసేవారికి మామిడి చేసిన పని చాలావరకు కనిపించదు. భోజనానికి ముందు ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు మరోసారి చూడాలి. రెండో అంకె 180 దాటుతుంటే మరునాడు అదే భోజనంలో పండును సగానికి తగ్గించి, మళ్ళీ చూడాలి. ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది. పండు కోసిన వేలి మీద రసం ఆరిపోయి కంటికి కనిపించకపోయినా, అదే వేలిని గుచ్చి రక్తం తీస్తే మీటరు ఆ చక్కెరను కూడా కలిపి చూపిస్తుంది. స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచినా అది పూర్తిగా పోదు. కుళాయి కింద నీళ్ళతో చెయ్యి కడిగి, తుడిచి ఆరబెట్టుకుని గుచ్చాలి. మామిడి రోజుల్లో అనుకోకుండా 300 కనిపిస్తే, కంగారుపడేముందు చెయ్యి కడుక్కుని మళ్ళీ చూడడం మంచిది.

రసం పండు కంటే మేలైన సందర్భం కూడా ఒకటుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, షుగర్ 70 కంటే తగ్గినప్పుడు మనకు కావలసింది వేగమే. అప్పుడు 15 గ్రాముల చక్కెర లోపలికి పోవాలి. 100 మిల్లీలీటర్లకు 13 గ్రాముల చక్కెర ఉన్న మామిడి పానీయమైతే 120 మిల్లీలీటర్లు చాలు. పావుగంట తరువాత మళ్ళీ పరీక్షించి, ఇంకా తక్కువగా ఉంటే మరో 15 గ్రాములు ఇవ్వాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పాలు, మీగడ కలిపిన షేక్ ఈ పనికి రాదు, కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా అందుతుంది. వోగ్లిబోస్ లేదా అకార్బోస్ మాత్రలు వాడేవారికి మామిడి రసం గాని, పంచదార నీళ్ళు గాని సరిగా పనిచేయవు. మామిడిలో ఎక్కువగా ఉన్నది పంచదార రకం చక్కెరే, ఆ మాత్రలు అది పేగులో విడిపోకుండా అడ్డుపడతాయి. అలాంటివారి ఇంట్లో సీజన్ ఏదైనా ఒక గ్లూకోజ్ పొడి డబ్బా చేతికందే చోట ఉండాలి.