విరాళాలతో నడిచే సంస్థకు మూడు బడ్జెట్లు ఎలా వేసుకోవాలి?

దేవరకొండ వైపు తండాల నుంచి ఇటుక బట్టీలకూ హైదరాబాద్ బిల్డింగ్ పనులకూ వలసపోయేవాళ్ల పిల్లల కోసం మేం ఒక చిన్న వసతి గృహం నడుపుతున్నాం. లెక్కలు చూసేది నేను. మాకు ఫీజుల్లేవు, అమ్మకాల్లేవు. వచ్చేదంతా ఒకరిస్తే వచ్చేదే.

మూడేళ్ల కింద ఒక పెద్ద సంస్థకు 6 లక్షలు అడుగుతూ ప్రపోజల్ పంపాం. బడ్జెట్ రాసేటప్పుడు మా అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టరు, "సగమన్నా రాకపోతదా, మూడు రాయవయ్యా" అన్నారు. సరే సార్ అని 3 లక్షలు ఆదాయంలో రాశాను. ఆ ధైర్యంతో జూన్‌లో ఇంకో టీచరును పెట్టుకున్నాం. అక్టోబర్‌లో "ఈసారి వీలుకాదు" అని ఉత్తరం వచ్చింది. సంక్రాంతికి రెండు నెలల జీతం బాకీ పడ్డాం.

తప్పు ఆశలో లేదు, ఆ 3 లక్షల్లో ఉంది. 6 వస్తే 6 వస్తుంది, లేకపోతే సున్నా. 3 అనేది ఎప్పటికీ రాని అంకె. అప్పటినుంచి బడ్జెట్ ఒకటి కాదు, మూడు వేస్తున్నాం: గడ్డు ఏడు, మామూలు ఏడు, మంచి ఏడు. వాన మీద ఆధారపడే రైతు మనసులో వేసుకునే లెక్కే ఇది, మేం కాగితం మీద పెట్టాం, అంతే.

ముందు ఖర్చు కాదు, దాతల పేర్లు రాయండి

చాలామంది నిరుటి ఆదాయం తీసుకుని దానికి పది శాతం కలిపి మంచి ఏడు, పది శాతం తీసేసి గడ్డు ఏడు అంటారు. అది మూడు బడ్జెట్లు కాదు, ఒకే బడ్జెట్‌ను మూడుసార్లు రాయడం. విరాళం అలా పది శాతం తగ్గదు. ఒక దాత పూర్తిగా ఆగిపోతాడు, లేదా డబ్బు ఆరు నెలలు ఆలస్యంగా వస్తుంది. అందుకే ప్రతి వనరుకూ ఒక వరుస పెట్టి, దాని ఎదురుగా మూడు అంకెలు విడివిడిగా రాయాలి. ఆ అంకె ఎందుకు రాశామో పక్కనే ఒక మాట కూడా.

ఈ ఏడాది మా వరుసలు ఇవి.

మొదటిది ఒక కంపెనీ సీఎస్ఆర్ డబ్బు. 8 లక్షలకు ఒప్పందం మీద సంతకం అయింది, రెండు విడతల్లో 4, 4. మొదటి దానికి యూసీ, అంటే డబ్బు దేనికి వాడామో చూపే పత్రం ఇస్తే రెండోది విడుదల చేస్తారు. మామూలు ఏడులోనూ మంచి ఏడులోనూ 8 రాశాను. గడ్డు ఏడులో 4 మాత్రమే, ఎందుకంటే రెండో విడత మార్చి దాటిపోవడం మాకు కొత్త కాదు. కంపెనీ మంచిదే, మన యూసీలో ఒక బిల్లు తక్కువైనా ఫైలు ఆగుతుంది.

రెండోది నెలకు 500 ఇచ్చేవాళ్లు. జాబితాలో 60 మంది ఉన్నారు. 60ని 500తో, 12తో గుణిస్తే 3.6 లక్షలు వస్తాయి, కానీ ఆ అంకె ఏ ఏడూ రాలేదు. నిరుడు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి నెలనెలా లెక్కపెట్టాను. సగటున 44 మంది ఇచ్చారు, అన్నిటికన్నా పల్చని నెలలో 31 మంది, బాగా వచ్చిన నెలలో 54 మంది. ఏడాదంతా అలాగే ఉంటే అనుకుని గడ్డు ఏడుకు 1.86, మామూలుకు 2.64, మంచికి 3.24 లక్షలు వేశాను. ఇక్కడ సగటు చెల్లుతుంది, ఎందుకంటే చిన్న దాతలు చాలామంది, ఒకరు మానేస్తే ఇంకొకరు వస్తారు. ఒక్క పెద్ద దాత దగ్గర సగటు చెల్లదు. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

మూడోది పుట్టినరోజు భోజనాలు. రోజుకు 3,000 తీసుకుంటాం. గడ్డు ఏడుకు 70 రోజులు, మామూలుకు 85, మంచికి 100 అనుకుంటే 2.10, 2.55, 3.00 లక్షలు. ఈ డబ్బును ఆదాయంలో రాశాక మళ్లీ తిండి ఖర్చులోంచి తీసేయకండి. ఈ పొరపాటు నేనూ చేశాను, లెక్క చూడ్డానికి ఎంతో అందంగా వచ్చింది. మిర్యాలగూడ మిల్లు నుంచి ఎవరైనా బియ్యం ఇస్తామంటే ఆ సంచులు దిగేదాకా దేంట్లోనూ రాయను.

నాలుగోది అమెరికాలో ఉన్న మన ఊరివాళ్లు. నలుగురు తలా 50 వేలు ఇచ్చేవారు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాడంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అతని డబ్బు విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ దాన్ని ముట్టుకోకూడదు. నలుగురిలో ఒకరికి నిరుడు పౌరసత్వం వచ్చింది. ఆయన ఫోన్ చేసి సంతోషంగా చెప్పాడు, నేనూ సంతోషంగానే విని ఆయన పేరు ఎదురుగా మూడు చోట్లా సున్నా పెట్టాను. మిగతా ముగ్గురిలో గడ్డు ఏడుకు ఒకరు, మామూలుకు ఇద్దరు, మంచికి ముగ్గురు ఇస్తారనుకున్నాను: 0.5, 1.0, 1.5 లక్షలు.

ఐదోది జవాబు రాని ప్రపోజల్, 5 లక్షలు. సంతకం లేదు కాబట్టి గడ్డుకూ మామూలుకూ సున్నా. మంచి ఏడులో మాత్రమే 5.

కూడితే గడ్డు ఏడు 8.46 లక్షలు, మామూలు 14.19, మంచి 20.74. నిరుటి మిగులు 3.5 లక్షలు బ్యాంకులో ఉంది. అది ఆదాయం కాదు, దాన్ని ఈ మొత్తంలో కలపకూడదు.

షీట్‌లో గడ్డు, మామూలు, మంచి అంకెలు C, D, E నిలువు వరుసల్లో పెట్టి, B1 గడిలో 1, 2, 3 మారుస్తూ చూడొచ్చు. షీట్‌లో ఐదో అడ్డు వరుసకు ఫార్ములా ఇది:

```
=CHOOSE($B$1, C5, D5, E5)
```

ఖర్చును ఆపగలిగేదీ ఆపలేనిదీ అని విడదీయండి

అద్దె ఏడాదికి 1.44 లక్షలు. వార్డెన్, వంటామె, సహాయకురాలు, టీచరు జీతాలు నెలకు 40 వేలు, అంటే 4.80. ఏడాదంతా ఉండే 30 మంది పిల్లలకు రోజుకు 55 చొప్పున 300 రోజుల తిండి 4.95. దీపావళి తర్వాత వలసలు మొదలయ్యాక వచ్చే పదిమందికి 140 రోజులకు 0.77. కరెంటు, మందులు, ఆడిట్ లాంటివి 1.20. మొత్తం 13.16 లక్షలు.

మామూలు ఏడులో 1.03 లక్షలు మిగులుతుంది, టెన్షన్ లేదు. గడ్డు ఏడులో ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. జూన్‌లో చేర్చుకున్న పిల్లల్ని నవంబర్‌లో ఇంటికి పంపలేం, ఆ ఇంటికి అప్పటికి తాళం పడి ఉంటుంది. అద్దె ఆపలేం. ఆపగలిగేవి రెండే: నవంబర్‌లో చేరాల్సిన పదిమంది, నెలకు 11 వేల టీచరు. పదిమందిని చేర్చుకోకపోతే ఖర్చు 12.39. టీచరును నవంబర్ నుంచి మార్చి దాకా ఆపితే ఇంకో 55 వేలు తగ్గి 11.84. అందులోంచి 8.46 పోతే లోటు 3.38 లక్షలు. మా దగ్గరున్నది 3.5. చివరికి మిగిలేది 12 వేలు. అంటే గడ్డు ఏడు వచ్చినా తలుపులు తెరిచే ఉంటాయి, కాకపోతే మరుసటి ఏప్రిల్‌ను ఖాళీ చేతులతో మొదలుపెడతాం.

ఇలా ఆపాలంటే జూన్‌లోనే అందుకు తగ్గట్టు రాసుకోవాలి. టీచరుకు ఇచ్చే నియామక పత్రంలో "అక్టోబర్ 31 వరకు, నిధులను బట్టి పొడిగింపు" అని ముందే రాస్తున్నాం, ఆమెకు నోటితోనూ చెబుతున్నాం. మధ్యలో హఠాత్తుగా చెప్పడం కంటే ఇది మేలు.

మంచి ఏడును చూసి పొంగిపోవద్దు. 20.74లో ఆ 5 లక్షలు కంప్యూటర్లకూ లైబ్రరీకీ అడిగినవి. వాటిని జీతాలకు వాడితే మళ్లీ ఆ గుమ్మం ఎక్కలేం. అవి తీసేస్తే ఖర్చులు పోను చేతిలో ఉండేది 2.58 లక్షలు. అది నిల్వలోకే వెళ్తుంది, కొత్త ఉద్యోగంలోకి కాదు.

ఏడాది లెక్క సరిపోయినా నెల లెక్క తప్పొచ్చు

గడ్డు ఏడును నెలలవారీగా విప్పి చూసినప్పుడే నాకు అసలు ప్రమాదం కనిపించింది. ఆ పదిమంది లేకుండా నెలకు ఖర్చు సుమారు 1.03 లక్షలు, చిన్న దాతలూ భోజనాలూ కలిపి వచ్చేది 33 వేలు. నెలకు 70 వేలు తరుగు. ఏప్రిల్‌లో 3.5తో మొదలైతే జూన్ ఆఖరుకు 1.39, జూలై ఆఖరుకు 69 వేలు, ఆగస్టు ఆఖరుకు ఏమీ ఉండదు. ఒప్పందంలో మొదటి విడత మే అని ఉంది, కానీ నేను జూలై అని రాసుకున్నాను. సెప్టెంబర్ దాకా జరిగితే ఏడాది బడ్జెట్‌లో అణా కూడా తేడా రాదు, పిల్లలకు బియ్యం మాత్రం ఉండవు. కాబట్టి గడ్డు ఏడంటే తక్కువ రావడం ఒక్కటే కాదు, ఆలస్యంగా రావడం కూడా. రెంటినీ విడిగా పరీక్షించండి.

తేదీలు ముందే ఖాయం చేయండి

ఏ తేదీకి ఏది చూసి ఏం చేస్తామో ఏప్రిల్ మీటింగ్‌లోనే తీర్మానం రాయించాం. అప్పటికప్పుడు అడిగితే "ఇంకో పది రోజులు చూద్దాం" అనేది మనిషి స్వభావం. మా తీర్మానంలో రెండే తేదీలు ఉన్నాయి.

ఆగస్టు 1కి మొదటి విడత ఖాతాలో పడకపోతే, జీతాలు మినహా కొనుగోళ్లన్నీ నిలిపి, భోజన దాతలకు ఆ వారమే ఫోన్లు చేయాలి. రెండోది నవంబర్ 5. అప్పటికి రెండో విడత ఖాతాలో పడిందా లేదా అన్నదే చూస్తాం. "పంపిస్తున్నాం" అని వచ్చిన మెయిల్ లెక్కలోకి రాదు. పడకపోతే ఆ పదిమందిని సంస్థ డబ్బుతో చేర్చుకోం.

ఈ మాట దగ్గర మా వార్డెనమ్మ ఒప్పుకోలేదు. "బట్టీకి పోయే తల్లికి నేనేం చెప్పాలె?" అంది. అప్పుడు ఒక పిల్లకు ఎంతవుతుందో లెక్క తీశాం: 55 చొప్పున 140 రోజులకు 7,700. తీర్మానంలో ఇంకో వాక్యం చేర్చాం: ఎవరైనా 7,700 ఇచ్చి రసీదు తీసుకుంటే ఒక సీటు తెరుచుకుంటుంది, ఎన్ని రసీదులైతే అన్ని సీట్లు. ఆ రసీదు పుస్తకం ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది.