బరువులెత్తే బీపీ ఉన్నవారికి ఉప్పు లెక్క – మూడో పాఠం: ప్రొటీన్ వెంట వచ్చే సోడియం

మొదటి పాఠంలో ఇంట్లో బీపీ సరిగా చూసుకోవడం, రెండో పాఠంలో రోజుకు ఎంత ప్రొటీన్ కావాలో లెక్క కట్టడం నేర్చుకున్నాం. శరీర బరువులో కిలోకు 1.6 గ్రాముల ప్రొటీన్ అన్న కొలత గుర్తుందిగా. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఆ కొలత వర్తించదు. బీపీ ఉన్నవాళ్లు క్రియాటినిన్ పరీక్ష చేయించి, వైద్యుడు సరేనన్నాకే ఈ పాఠం మొదలుపెట్టాలి.

జిమ్‌లో చేరిన బీపీ రోగిని ఒక భయం పీడిస్తుంది. ప్రొటీన్ పెంచితే ఉప్పు పెరుగుతుంది, ఉప్పు తగ్గిస్తే కండ పెరగదు అని. ఆ భయం ఎంతవరకు నిజమో ఒక మనిషి తిండిని తూచి చూద్దాం.

విశాఖ ఎంవీపీ కాలనీలో నలుగురున్న ఇల్లు అనుకుందాం. ఇంటాయనకు 42 ఏళ్లు, 75 కిలోలు. బీపీ 146/92 దగ్గర తిరుగుతోంది, టెల్మిసార్టన్ మాత్ర వేసుకుంటున్నాడు, వారానికి నాలుగు రోజులు సాయంత్రం బరువులెత్తుతాడు. ఆయనకు కావలసిన ప్రొటీన్ 120 గ్రాములు. అది ఇలా వస్తుంది: మూడు గుడ్ల నుంచి 19 గ్రాములు, మధ్యాహ్నం 150 గ్రాముల వంజరం ముక్కల నుంచి 28, రాత్రి 150 గ్రాముల చికెన్ నుంచి 33, గుప్పెడు కందిపప్పు, అంటే పచ్చిది 40 గ్రాముల నుంచి 9, గ్లాసు పాలు, కప్పు పెరుగు కలిపి 13. అన్నం, ఇడ్లీల నుంచి ఇంకో 20 దాకా. మొత్తం 122 గ్రాములు. చేప, చికెన్ తూకాలు పచ్చి ముక్కలవి. వే పౌడర్ డబ్బా లేకుండానే లెక్క తేలిందని గమనించండి.

ఇప్పుడు అదే తిండిలో ఉప్పు వేయకముందే ఉన్న సోడియం చూద్దాం. గుడ్డుకు 70 మిల్లీగ్రాముల చొప్పున 210. తాజా చేపలో 100, చికెన్‌లో 100, పాలు పెరుగుల్లో 180, మిగతా వాటన్నిటిలో కలిపి 40. మొత్తం 630 మిల్లీగ్రాములు. ఒక్కో చేపకు, ఒక్కో పాల ప్యాకెట్‌కు కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ లెక్క తలకిందులు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు పెట్టిన పరిమితి రోజుకు 2,000 మిల్లీగ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు. మన మనిషి ప్రొటీన్ మొత్తం తిన్నా ఆ పరిమితిలో మూడో వంతు కూడా దాటలేదు. ఇంకా 1,370 మిగిలింది. ఒక గ్రాము ఉప్పులో సుమారు 400 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది కాబట్టి, ఆయన కూరల్లోకి దాదాపు మూడున్నర గ్రాముల ఉప్పు వాడుకోవచ్చు.

కాబట్టి ప్రొటీన్‌కూ తక్కువ సోడియానికీ మధ్య తగాదా ఏమీ లేదు. ఉప్పు వచ్చేది ప్రొటీన్ నుంచి కాదు, దాన్ని వండే తీరు నుంచి, నిలవ చేసే తీరు నుంచి, జిమ్ అయ్యాక తాగే దాని నుంచి.

మీ ఇంట్లో ఎంత ఉప్పు వాడుతున్నారో తెలుసుకోవడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. కొత్త కిలో ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజున దాని మీద తేదీ రాయండి. అయిపోయిన రోజు చూడండి. మన ఇంట్లో అది 30 రోజుల్లో అయిపోయిందనుకోండి. అంటే రోజుకు 33 గ్రాములు, మనిషికి ఎనిమిది గ్రాముల పైమాట. సోడియంలో చెప్పాలంటే మనిషికి 3,300 మిల్లీగ్రాములు. మనిషికి మూడున్నర గ్రాములైతే నలుగురికి రోజుకు 14 గ్రాములు, ఆ ప్యాకెట్ 70 రోజులు రావాలి. ఆవకాయ పెట్టిన నెలలో, చుట్టాలు వచ్చిన వారంలో ఈ లెక్క చెడుతుంది, అప్పుడు తీసిన ఉప్పును విడిగా తూచి పక్కన రాసుకోండి.

ఇక ఆ మనిషి పాత రోజును పూర్తిగా కూడదాం. తిండిలో సహజంగా ఉన్నది 630. వంటలో ఉప్పు 3,300. మధ్యాహ్నం పప్పన్నంలోకి ఆవకాయ 20 గ్రాములు. ఇంటింటికీ కొలత వేరుగానీ అందులో పదో వంతు ఉప్పనుకున్నా 2 గ్రాములు, అంటే 800. జిమ్ నుంచి వస్తూ ఓఆర్ఎస్ అర లీటరు, అందులో 860. అంతా కలిపితే 5,590. పరిమితికి రెండున్నర రెట్లు దాటింది.

వీటిలో మొదట మానాల్సింది ఓఆర్ఎస్. విశాఖ ఉక్కపోతలో బనీను పిండితే నీళ్లు కారతాయి కనుక ఉప్పు పోయిందని కంగారుపడి తాగేస్తారు. అది విరేచనాలతో నీరసించిన వాళ్ల కోసం తయారైన మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరులో సుమారు 1,725 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. మీ చెమట ఎంతో మీరే తూచుకోండి: జిమ్‌కు ముందు, తరువాత ఒళ్లు తుడుచుకుని, తక్కువ బట్టలతో బరువు చూడండి, మధ్యలో తాగిన నీళ్లు కలపండి. గంటలో 700 గ్రాములు తగ్గితే 700 మిల్లీలీటర్ల చెమట పోయినట్టు. లీటరు చెమటలో సోడియం మనిషిని బట్టి చాలా మారుతుంది, సగటున గ్రాము అటూ ఇటూ అనుకోవచ్చు. గంటసేపు బరువులెత్తిన వాడికి ఆ లోటు రాత్రి భోజనం తీరుస్తుంది, మంచినీళ్లు చాలు. మే నెలలో రెండు గంటలకు పైగా శ్రమపడేవాళ్లు, మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్రలు వాడేవాళ్లు మాత్రం ఎంత తాగాలో, ఏం తాగాలో వైద్యుణ్ణి అడగాలి.

తరువాత వంటిల్లు. రోజూ పొద్దున్న 14 గ్రాముల ఉప్పు తూచి చిన్న డబ్బాలో వేయండి. తూకం లేకపోతే, మెత్తటి ఉప్పు తలకొట్టిన టీస్పూన్‌కు సుమారు 6 గ్రాములు, కాబట్టి రెండు చెంచాలు, పైన చెంచాలో మూడో వంతు. కళ్లుప్పు, పింక్ ఉప్పు తూకానికి తూకం చూస్తే సోడియంలో మామూలు ఉప్పుకు పెద్ద తేడా లేదు. వాటిలో చాలావాటికి అయోడిన్ కలపరు కూడా. ఆ రోజుకు ఉప్పంతా ఆ డబ్బాలోంచే. ఒక్కసారి ఇంత తగ్గిస్తే ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు, అందుకే మొదటి వారం 24 గ్రాములు, రెండో వారం 18, మూడో వారం 14.

ఉన్న ఉప్పు ఎక్కడ వేయాలన్నది అసలు పని. నాలుకకు తగిలేది ముక్క పైన ఉన్న ఉప్పే. ఇడ్లీ పిండిలో, చపాతీ పిండిలో, ముక్కల లోపల నానిన ఉప్పు రుచికి పెద్దగా తెలియకుండానే కడుపులోకి పోతుంది. పిండిలో సగం తగ్గించి, మిగతాది చట్నీలో వేయండి. చికెన్‌ను ఉప్పు లేకుండా పెరుగు, అల్లం వెల్లుల్లి, మిరియాలు, పసుపుతో గంట నానబెట్టి, వండి, దించే ముందు కొలిచిన ఉప్పు చల్లి నిమ్మరసం పిండండి.

ఇక్కడే ఒక ఇబ్బంది వస్తుంది. ఉప్పు మాంసం లోపలి నీటిని పట్టి ఉంచుతుంది. ఉప్పు పట్టించని బ్రెస్ట్ ముక్క త్వరగా పొడారిపోయి పీచులా తగులుతుంది. అప్పుడు చాలామంది ఉప్పు తక్కువైందని మళ్లీ ఉప్పేస్తారు. లోపం ఉప్పుది కాదు, మంటది. తొడ ముక్కలు తీసుకోండి, లేదా బ్రెస్ట్‌ను పెద్ద ముక్కలుగానే ఉంచి మూతపెట్టి సన్నసెగ మీద వండి, లోపలి ఉష్ణోగ్రత 74 డిగ్రీలు దాటగానే దించండి.

చేపల పులుసుదీ ఒక చిక్కు. చింతపండు ఎక్కువయ్యే కొద్దీ ఆ పులుపును సరిచేయడానికి చెయ్యి ఉప్పు డబ్బా వైపు పోతుంది. ఉప్పు తగ్గించిన రోజున చింతపండు కూడా మూడో వంతు తగ్గించాలి. లేదా ఇగురు పెట్టుకోండి, ముక్క చుట్టూ మసాలా అంటుకుంటుంది కనుక తక్కువ ఉప్పే ఎక్కువగా తెలుస్తుంది.

కొనే దగ్గర కూడా తేడా పడుతుంది. ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్న దొరికే చేప, రొయ్య మనకు నిశ్చింత. ప్యాకెట్‌లో గడ్డకట్టిన రొయ్యలు కొంటే పదార్థాల పట్టీలో ఫాస్ఫేట్ అని గానీ, 451 అనే అంకె గానీ ఉందేమో చూడండి. నీరు పట్టి బరువు నిలవడానికి కలిపే సోడియం లవణం అది. ఉప్పు చేపను మాత్రం ప్రొటీన్ లెక్కలో రాయకండి, ఆవకాయ సరసన రాసుకోండి.

ప్యాకెట్ తిండి దేనికైనా ఒక భాగహారం చాలు. సోడియం మిల్లీగ్రాములను ప్రొటీన్ గ్రాములతో భాగించండి. 15 లోపు వస్తే కొనొచ్చు. చికెన్‌కు 3, గుడ్డుకు 11, పాలకు 14 దాకా వస్తుంది. ఒక చికెన్ సాసేజ్ ప్యాకెట్ మీద వంద గ్రాములకు సోడియం 800, ప్రొటీన్ 14 అని ఉందనుకోండి, 57 వస్తుంది. వే పౌడర్‌కు సాధారణంగా తక్కువే వస్తుంది, కానీ రకరకాల రుచుల్లో తేడా ఉంటుంది కనుక డబ్బా వెనుక చూసే తీసుకోండి.

తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేదాన్ని అడగకుండా తేవద్దు. అందులో సోడియం స్థానంలో కొంత పొటాషియం ఉంటుంది. మన ఉదాహరణలోని మనిషిలా టెల్మిసార్టన్ వాడేవారికి, ఆ కుటుంబపు మాత్రలు, స్పైరనోలాక్టోన్ వాడేవారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

మొదటి వారంలో బరువు కిలో దాకా తగ్గవచ్చు, బరువులెత్తాక కండరాలు ముందులా ఉబ్బినట్టు అనిపించకపోవచ్చు. కండ కరుగుతోందని హడలిపోకండి, పోయింది నీరు. స్క్వాట్, బెంచ్ బరువులు పడిపోనంతవరకు కండకు వచ్చిన నష్టమేమీ లేదు. లేవగానే కళ్లు తిరిగితే మాత్రం కూర్చుని ఒకసారి, నిలబడి రెండు నిమిషాలకు ఒకసారి బీపీ చూసి, ఆ అంకెలు రాసుకుని వైద్యుడికి చెప్పండి. ఉప్పు తగ్గాక అదే మాత్ర ఎక్కువ మోతాదు కావచ్చు. మాత్రను మీ అంతట మీరు తగ్గించకండి, మానకండి.

ఈ వారం పని: ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాయండి. మూడు రోజులు తిన్న ప్రతి ప్రొటీన్ పదార్థం పక్కన రెండు అంకెలు రాయండి, దానిలోని సోడియం ఒకటి, దానిమీద మీరు వేసిన ఉప్పు మరొకటి. ఆ కాగితం దాచి ఉంచండి. ఇంటి బయట తినే టిఫిన్, బిర్యానీలను ఈ లెక్కలో ఇమడ్చడం నాలుగో పాఠంలో దానితోనే మొదలుపెడతాం.