మారథాన్‌కు రెండు రోజుల ముందు కార్బ్ లోడింగ్: కడుపు ఎక్కడ ఎదురు తిరుగుతుంది, ఏం చేయాలి

రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగు కుర్రాళ్లు మారథాన్ పరుగెత్తడానికి ఎక్కువగా విశాఖ వెళ్తుంటారు. ఆదివారం పరుగు ఉంటే శుక్ర, శనివారాలు బాగా అన్నం తినాలని అందరికీ తెలుసు. కండరాల్లో గ్లైకోజెన్, అంటే పరుగుకు ఇంధనంగా దాచుకునే పిండి పదార్థం, నిండాలంటే కిలో శరీర బరువుకు రోజుకు 10 గ్రాముల వరకు పిండి పదార్థం కావాలి. అంత తినేసరికి కడుపు మొరాయిస్తుంది. చాలాసార్లు తప్పు అన్నానిది కాదు, అన్నంతో పాటు కంచంలోకి వచ్చేవాటిది.

సమస్య: శుక్రవారం సాయంత్రానికే కడుపు ఉబ్బరం, గ్యాస్, రాత్రి తిండి సయించదు

కారణం: 60 కిలోల మనిషికి రోజుకు 600 గ్రాముల పిండి పదార్థం కావాలి. ఇదంతా అన్నం నుంచే రావాలంటే ముప్పావు కిలోకు పైగా బియ్యం వండాలి. అది వండితే రెండు కిలోలు దాటుతుంది. దాన్ని రెండు పూటల్లో తినబోతే ఏ కడుపైనా ఉబ్బుతుంది. పైగా ఇంట్లో పిన్ని ప్రేమగా దాల్మా గరిటెలు గరిటెలు వడ్డిస్తుంది. కందిపప్పు, వంకాయ, గుమ్మడి, కొబ్బరి ఉన్న దాల్మా మామూలు రోజుల్లో మంచి భోజనమే. కానీ పప్పులో, కూరగాయల్లో జీర్ణం కాని భాగం పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతుంది. పూరీ, కాజా లాంటివి నూనె వల్ల కడుపులోనే ఎక్కువసేపు ఉండిపోతాయి.

పరిష్కారం: అన్నం తగ్గించి, మిగతాది చిన్న చిన్న తిండ్లుగా రోజంతా పంచుకోండి. 60 కిలోల వాళ్లకు ఒక రోజు లెక్క ఇలా కుదురుతుంది. పొద్దున అయిదు ఇడ్లీలు, చట్నీ కొంచెమే. అక్కడ 60 గ్రాముల పిండి పదార్థం. రోజు మొత్తానికి పావు కిలో బియ్యం వండి, మధ్యాహ్నం సగం, రాత్రి సగం పలచని చారుతో తినండి. దాన్నుంచి 195 వస్తాయి. రెండు పూటలకూ కలిపి తొక్క తీసి ఉడికించిన బంగాళదుంపలు 200 గ్రాములు తింటే 35. నాలుగు అరటిపండ్లు, ఒక్కోసారి ఒక్కటి చొప్పున, 100. సాయంత్రం 50 గ్రాముల మరమరాలు, రోజంతా కలిపి 50 గ్రాముల బెల్లం, రెండూ కలిపి 85. పడుకునే ముందు నాలుగు బ్రెడ్ ముక్కలు, 50. టీలో, నీళ్లలో కలిపి తాగే పంచదార 60. అన్నీ కూడితే 585. ఆకలి లేకపోతే 500 దగ్గర ఆగిపోయినా పెద్ద నష్టం లేదు. బలవంతంగా కుక్కుకుంటే మాత్రం నష్టమే.

రాగి అంబలి, ఆకుకూర, పచ్చి ఉల్లిపాయ ఈ రెండు రోజులూ పక్కన పెట్టండి. పఖాళ రోజూ తినే అలవాటు ఉన్నవాళ్లు మధ్యాహ్నం తాజాగా తినొచ్చు. అలవాటు లేనివాళ్లు ఇప్పుడు మొదలుపెట్టకండి. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఈ లెక్క పాటించకూడదు.

సమస్య: శనివారం విరేచనాలు

కారణం: తిండి మింగలేక జ్యూసులు, చిక్కటి గ్లూకోజ్ నీళ్లు గటగటా తాగేయడం. తీపి మరీ ఎక్కువైతే పేగు నీటిని లోపలికి లాగుతుంది. పాలు పడనివాళ్లకు పాయసం కూడా అదే పని చేస్తుంది. రైల్లో కొన్న సమోసా, పచ్చి చట్నీ మరో అనుమానం.

పరిష్కారం: అర లీటరు నీటికి 30 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు చాలు. గుక్క గుక్కగా తాగండి. శనివారం రైలెక్కేటప్పుడు ఇడ్లీలు, అరటిపండ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. విరేచనాలు మొదలైతే లెక్కలు వదిలేసి, ప్యాకెట్ మీద రాసినట్టు ఓఆర్ఎస్ కలుపుకుని తాగి, పలచని గంజి తీసుకోండి. జ్వరం గానీ రక్తం గానీ కనిపిస్తే, నీళ్లు కూడా నిలవకపోతే పరుగు మానేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

సమస్య: ఆదివారం పొద్దున మోషన్ రాలేదు

పీచు తగ్గించాక ఇది మామూలే. పేగులో మిగిలింది తక్కువే కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. విరేచనం మాత్ర మాత్రం వేసుకోకండి. లేచిన వెంటనే గోరువెచ్చని నీళ్లు, అలవాటుంటే టీ తాగి, కాసేపు నడవండి.

సమస్య: కిలో, కిలోన్నర బరువు పెరిగాను

ఒక గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పెరిగిన బరువులో ఎక్కువ భాగం అదే, కొవ్వు కాదు. కాళ్లు కాస్త బరువుగా అనిపించినా, అది చూసి శనివారం రాత్రి భోజనం మానేయకండి. ఏడున్నరకల్లా తినేసి పడుకోండి.