అరేఖీయ వ్యవస్థలు, మూడో పాఠం: స్థిర బిందువు దగ్గర జాకోబియన్ మాత్రికను చదవడం

రెండో పాఠంలో రెండు చలరాశుల రేఖీయ వ్యవస్థల ప్రవర్తనను వాటి ఐగెన్ విలువలనుబట్టి చెప్పగలిగాం. ఇప్పుడు సమీకరణాలలో చలరాశులు ఒకదానితో ఒకటి గుణించుకునే సందర్భానికి వెళదాం. హైదరాబాదు చుట్టుపక్కల ఉన్న ఏదైనా ఒక చెరువును ఊహించుకోండి. అందులో చిన్న చేపల పరిమాణం x, వాటిని తిని బతికే కొర్రమీనుల పరిమాణం y. అంకెలు సులువుగా ఉండేలా ప్రమాణాలను ఎంచుకొని ఈ నమూనాను తీసుకున్నాను; ఇది ఏ చెరువులోనూ కొలిచి రాసిన లెక్క కాదు.

```
x' = x(3 − x − y)
y' = y(x − 1)
```

మొదటి సమీకరణంలోని −x చిన్న చేపలు తిండి కోసం తమలో తాము పోటీ పడడాన్ని, −y కొర్రమీనులు వాటిని తినడాన్ని సూచిస్తాయి. రెండో సమీకరణం ప్రకారం చిన్న చేపలు 1 కన్నా ఎక్కువగా ఉంటేనే కొర్రమీనులు పెరుగుతాయి. రెండు కుడివైపులనూ సున్నాకు సమానం చేస్తే (0,0), (3,0), (1,2) అనే మూడు స్థిర బిందువులు వస్తాయి. రెండు రకాల చేపలూ కలిసి ఉండే బిందువు చివరిదే కాబట్టి ముందుగా దాని దగ్గరే ఆగుదాం.

పాక్షిక అవకలజాల జోలికి వెళ్ళకముందు ఒకసారి చేత్తో చేసి చూడడం మంచిది. స్థిర బిందువు నుండి విచలనాలను u, v అనుకొని x = 1 + u, y = 2 + v అని ప్రతిక్షేపిస్తే, స్థిరాంకాలన్నీ రద్దయి ఇవి మిగులుతాయి.

```
u' = −u − v − u² − uv
v' = 2u + uv
```

ఇక్కడ u, v చాలా చిన్నవైతే వాటి వర్గాలూ లబ్ధమూ ఇంకా చిన్నవి. ఉదాహరణకు v = 0 గా ఉంచి u = 0.1 తీసుకుంటే u' నిజమైన విలువ −0.11, వర్గ పదాన్ని వదిలేస్తే −0.1. అదే u = 0.01 అయితే నిజమైన విలువ −0.0101, వదిలేసినది −0.01. విచలనం పదో వంతుకు తగ్గితే దోషం నూరో వంతుకు తగ్గింది. రేఖీయకరణకు ఆధారం ఇదే. మిగిలిన రేఖీయ పదాల గుణకాలను వరుసలుగా పేరిస్తే జాకోబియన్ మాత్రిక వస్తుంది. ప్రతిసారీ ఇలా ప్రతిక్షేపించే శ్రమ లేకుండా ఆ గుణకాలను నేరుగా ఇచ్చేవే పాక్షిక అవకలజాలు. మొదటి వరుసలో x' కుడివైపును ముందు x తోనూ తరువాత y తోనూ అవకలనం చేసి రాయాలి, రెండో వరుసలో y' కుడివైపును అదే క్రమంలో చేయాలి.

```
J(x, y) = | 3 − 2x − y    −x    |
          | y             x − 1 |

J(1, 2) = | −1   −1 |
          |  2    0 |
```

తప్పులు ఎక్కువగా దొర్లేది మొదటి మూలకంలోనే. x(3 − x − y) ఒక లబ్ధం కాబట్టి దానిని విస్తరించి 3x − x² − xy గా రాసుకొని అవకలనం చేస్తే −2x తప్పిపోదు. అవకలనం ముగిశాకే బిందువు విలువలు వేయాలన్నది మరో జాగ్రత్త. ముందే వేస్తే అవకలనం చేయడానికి చలరాశి మిగలదు. అనుమానం వస్తే పైన చేసినట్టు u, v లతో విస్తరించి గుణకాలను సరిచూసుకోండి.

ఇక మాత్రికను చదవాలి. ప్రధాన వికర్ణంలోని మూలకాల మొత్తం, అంటే జాడ, −1, నిర్ధారకం 2. ఐగెన్ విలువలకు λ² + λ + 2 = 0 అనే సమీకరణం వస్తుంది, దాని మూలాలు (−1 ± i√7)/2. వాస్తవ భాగం రుణాత్మకం కనుక విచలనం క్షీణిస్తుంది, కల్పిత భాగం ఉంది కనుక తిరుగుతూ క్షీణిస్తుంది. అంటే ఇది స్థిరమైన సర్పిలం. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు కానీ ఈ సంఖ్యలు ఇంకా చెబుతాయి. ఒక చుట్టుకు పట్టే కాలం 2π ని √7/2 తో భాగిస్తే వచ్చే సుమారు 4.75, అంతసేపట్లో విచలనం e^(−2.37) రెట్లకు, అంటే దాదాపు పదకొండో వంతుకు పడిపోతుంది. కాబట్టి చెరువులో చేపల సంఖ్య ఊగిసలాడినా, ఒకటి రెండు చుట్ల తరువాత ఆ ఊగిసలాట కంటికి ఆనదు. తిరిగే దిశ కావాలంటే u కొద్దిగా ధనాత్మకంగా, v = 0 గా ఉంచండి: v' = 2u ధనాత్మకం, కనుక పథం పైకి, గడియారపు ముల్లుకు ఎదురు దిశలో సాగుతుంది.

(3,0) దగ్గర పని తొందరగా అయిపోతుంది. అక్కడ మొదటి వరుస −3, −3. రెండో వరుస 0, 2. వికర్ణానికి కింద సున్నా ఉంది కాబట్టి వికర్ణంలోని −3, 2 లే ఐగెన్ విలువలు, గుర్తులు వేరు కనుక ఇది జీను బిందువు. కొర్రమీనులు బొత్తిగా లేకపోతే చిన్న చేపలు 3 దగ్గర స్థిరపడతాయి; కొద్దిపాటి కొర్రమీనులను వదిలితే అవి మొదట్లో e^(2t) వేగంతో పెరుగుతాయి. (0,0) కూడా జీను బిందువే, చూసుకోండి.

ఈ పద్ధతి ఎక్కడ పనిచేయదో తెలియాలంటే చిన్న చేపల మధ్య పోటీని తీసేసి x' = x(2 − y) అని రాయండి. స్థిర బిందువు (1,2) గానే ఉంటుంది, కానీ మాత్రికలో −1 ఉన్నచోట సున్నా వస్తుంది; జాడ 0, నిర్ధారకం 2, ఐగెన్ విలువలు ±i√2. నగరంలో నెట్, గేట్ పరీక్షలకు చదివేవారు పట్టికను కంఠస్థం చేసి ఇక్కడ "కేంద్రం" అని వెంటనే రాసేస్తారు. జవాబు సరైనదే, కారణం మాత్రం చాలదు. వాస్తవ భాగాలలో ఏదీ సున్నా కానప్పుడే స్థిర బిందువుకు దగ్గరలో రేఖీయ చిత్రం అసలు వ్యవస్థ చిత్రంతో సరిపోలుతుందని హార్ట్‌మన్–గ్రోబ్‌మన్ సిద్ధాంతం హామీ ఇస్తుంది. వాస్తవ భాగం సున్నా అయినప్పుడు ఆ హామీ లేదు, మనం వదిలేసిన వర్గ, ఘన పదాలే తీర్పు చెబుతాయి. ఈ నమూనాలో x − ln x + y − 2 ln y అనే రాశి కాలంతో మారదని అవకలనం చేసి చూడవచ్చు. పథాలు ఆ రాశి మారని సంవృత వక్రాలు కనుకనే అది కేంద్రం.

ఆ వదిలేసిన పదాల బలం ఎంతో ఈ వ్యవస్థ చూపిస్తుంది.

```
u' = −v + a·u(u² + v²)
v' =  u + a·v(u² + v²)
```

a ఏదైనా మూలబిందువు దగ్గర మాత్రిక ఒకటే, ఐగెన్ విలువలు ±i. కానీ మూలబిందువు నుండి దూరం r అయితే r' = a·r³ అని వస్తుంది. a రుణాత్మకమైతే పథాలు లోపలికి చుట్టుకుంటాయి, ధనాత్మకమైతే బయటికి పోతాయి, సున్నా అయితేనే వృత్తాలు. లోపలికి వచ్చేటప్పుడు కూడా ఘాతీయ వేగంతో కాదు, చాలా కాలం గడిచాక 1/√t లాగా నెమ్మదిగా వస్తాయి. కంప్యూటర్‌లో గీసిన పథం స్థిర బిందువు వైపు ఇలా ఈడ్చుకుంటూ సాగుతుంటే, అక్కడి ఐగెన్ విలువల వాస్తవ భాగం సున్నా అయి ఉండవచ్చని అనుమానించాలి.

వాస్తవ భాగాలు సున్నా కానప్పుడు కూడా మాత్రిక చెప్పేది ఆ బిందువు పరిసరాల గురించే. ఆ పరిసరం ఎంత విస్తారమో అది చెప్పదు.

నాలుగో పాఠానికి ముందు చేయవలసిన అభ్యాసం: మొదటి నమూనాలో 3 స్థానంలో K అనే ధన సంఖ్యను ఉంచండి. రెండు రకాల చేపలూ కలిసి ఉండే బిందువు (1, K − 1) అవుతుంది, అక్కడ జాడ −1 గానే ఉండి నిర్ధారకం మాత్రం K − 1 అవుతుంది. K ఏ విలువ కన్నా తగ్గితే సర్పిలం పోయి పథాలు తిరగకుండా నేరుగా బిందువును చేరతాయో, K = 1 దాటి ఇంకా తగ్గితే (K, 0) బిందువు స్వభావం ఎలా మారుతుందో కనుక్కోండి.