శ్రుతిజ్ఞానం, నాలుగవ పాఠం: ఆరుకు సున్నా వచ్చిన చెవిలో లోపమేమిటి?

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం చాలామందిని కలవరపెట్టిందని మీ ఉత్తరాలు చదివాక అర్థమైంది. పన్నెండు స్వరస్థానాలలో ఏదో ఒకటి యాప్ వినిపించినప్పుడు దాని పేరు చెప్పమని అడిగాను గానీ, ఆ పరీక్ష ఏ శక్తిని కొలుస్తుందో చెప్పకుండా వదిలేశాను. అందువల్ల ఇరవైకి పదిహేడు తెచ్చుకున్నవారు తమకు పర్ఫెక్ట్ పిచ్ వచ్చేసిందని సంతోషించారు, సున్నా తెచ్చుకున్నవారు తమకు సంగీతపు చెవే లేదని కుంగిపోయారు. ఈ రెండు నిర్ధారణలూ తప్పే. కొత్త విషయానికి వెళ్లే ముందు ఆ తప్పును విప్పి చూడడం అవసరం కనుక, ఇవాళ్టి పాఠమంతా దానికే కేటాయిస్తున్నాను.

నిర్వచనాలు మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం కాబట్టి క్లుప్తంగా గుర్తుచేస్తాను. ఏ ఆధారమూ వినకుండా, మోగిన స్వరం పేరు వెంటనే చెప్పగలగడం పర్ఫెక్ట్ పిచ్. ఒక స్వరాన్ని ఆధారంగా తీసుకుని, మరొక స్వరం దానికి ఎంత దూరంలో ఉందో పట్టుకోగలగడం రిలేటివ్ పిచ్. మొదటిది స్వరానికి స్వయంగా ఉన్న గుర్తింపును చూస్తుంది, రెండవది స్వరాల మధ్య ఉన్న సంబంధాన్ని చూస్తుంది.

ఇప్పుడు సున్నా వచ్చిన ఉత్తరాన్ని చూద్దాం. ఈ పాఠకురాలు నేను చెప్పినట్టే యాప్‌లో తప్పొప్పులు చూపించే సదుపాయాన్ని ఆపేసి, ఆరు స్వరాలు విని, ఆరింటికీ జవాబులు రాసుకున్న తర్వాతే సరిచూసుకున్నారు. మోగినవి వరుసగా ఎఫ్, ఎ, డి, ఎ షార్ప్, సి, జి. ఆమె రాసినవి జి, బి, ఇ, సి, డి, ఎ. యాప్ లెక్క ప్రకారం ఆరుకు ఒక్కటీ సరికాలేదు. అయితే ఈ రెండు వరుసలనూ ఒకదాని కింద ఒకటి రాసి, ఒక్కొక్క జతనూ కొలిచి చూడండి. ఎఫ్‌కు జి రెండు స్థానాలు పైన ఉంది, ఎకు బి రెండు స్థానాలు పైన ఉంది, డికి ఇ కూడా అంతే, మిగిలిన మూడూ అంతే. ప్రతి జవాబూ సరిగ్గా రెండు స్వరస్థానాలు పైకి జరిగింది. మొదటి స్వరాన్ని పొరపాటున జి అనుకున్న తర్వాత, మిగిలిన ఐదింటినీ ఆ పొరపాటుకు అనుగుణంగా, ఒక్క స్థానం కూడా తేడా లేకుండా ఆమె లెక్కగట్టారు. ఊరికే ఊహించి చెబితే ఇలా ఐదు జవాబులు ఒకే తేడాతో రావడం దాదాపు రెండున్నర లక్షల ప్రయత్నాలలో ఒకసారి జరిగే సంగతి. కాబట్టి ఈమె పర్ఫెక్ట్ పిచ్‌కు నిజంగానే సున్నా, రిలేటివ్ పిచ్‌కు మాత్రం ఐదుకు ఐదు. యాప్‌కు సున్నా ఒక్కటే కనిపించింది.

ఇరవైకి పదిహేడు తెచ్చుకున్న పాఠకుడి సంగతి దీనికి తిరగేసిన బొమ్మ. ఆయన తప్పొప్పులు చూపించే సదుపాయాన్ని ఆపలేదు. మొదటి స్వరానికి చెప్పిన జవాబు మూడు స్థానాల దూరంలో పడింది. యాప్ వెంటనే సరైన పేరు చూపించింది. ఆ క్షణం నుంచి ఆయన చెవిలో పేరు తెలిసిన స్వరం ఒకటి నిలిచిపోయింది కాబట్టి, తరువాతి పంతొమ్మిది ప్రశ్నలలో ఏదీ పర్ఫెక్ట్ పిచ్ పరీక్ష కాలేదు. దీనికి సాక్ష్యం ఆయన చేసిన మిగతా రెండు తప్పులలోనే ఉంది. సి తర్వాత జి షార్ప్ మోగితే ఎ అన్నారు, ఇ తర్వాత ఎ షార్ప్ మోగితే ఎ అన్నారు. రెండుచోట్లా తేడా ఒక్క స్థానమే, రెండూ పెద్ద దూకుళ్లే. మొదటిది ఎనిమిది స్థానాలు, రెండవది ఆరు స్థానాలు. నాలుగు స్థానాల లోపు ఉన్న చిన్న దూకుళ్లలో ఆయన ఒక్కసారి కూడా తప్పలేదు. ముందు మోగిన స్వరం నుంచి దూరం పెరిగేకొద్దీ తప్పులు వస్తున్నాయంటే, చెవి ఆ ముందు స్వరం నుంచే కొలుస్తోందన్నమాట. పర్ఫెక్ట్ పిచ్ ఉన్నవారికి ముందు ఏం మోగిందన్నది అంత ముఖ్యం కాదు.

ఈ పొరపాటును ఇంత సాగదీసి చెప్పడానికి కారణం ఉంది. నెలలో పర్ఫెక్ట్ పిచ్ సాధించామని చెప్పుకునే అభ్యాసకులలో ఎక్కువమంది కొలుచుకున్నది ఇలాగే, ఇది చూసిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. ఎంతో శ్రమపడి సంపాదించిన మంచి రిలేటివ్ పిచ్‌ను వారు వేరే పేరుతో పిలుచుకుని, మర్నాడు ఉదయం మొదటి స్వరం తప్పగానే, ఉన్న శక్తి కూడా పోయిందనుకుని అభ్యాసం మానేస్తారు. పరిశోధకులకు ఈ చిక్కు బాగా తెలుసు. పర్ఫెక్ట్ పిచ్‌ను పరీక్షించడానికి డయానా డాయిచ్ బృందం వాడిన పద్ధతిలో మూడు స్థాయిలలోని ముప్పై ఆరు స్వరాలు మోగిస్తారు, ఒకదానికీ తర్వాతిదానికీ మధ్య దూరం ఎప్పుడూ ఒక స్థాయికి మించే ఉంటుంది, జవాబు సరైనదో కాదో మధ్యలో చెప్పరు. దూరాన్ని కొలిచి జవాబు చెప్పే దారిని వీలైనంత కష్టతరం చేయడమే ఆ నిబంధనల ఉద్దేశం. ఇంటి దగ్గర అంత ఏర్పాటు అక్కరలేదు. రోజుకు ఒకే ఒక్క స్వరం వినడం, అదీ ఆ రోజు మరే సంగీతమూ చెవిన పడకముందు వినడం, అంతకంటే కఠినమైన పరీక్ష.

ఇక మీరందరూ అడిగిన ప్రశ్న: పెద్దవయసులో ఈ రెండింటిలో ఏది వస్తుంది?

రిలేటివ్ పిచ్ వస్తుంది. ఇందులో సందేహానికి తావు లేదు. నేర్పే పద్ధతి విషయంలో మాత్రం నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. ఒక్కొక్క దూరానికి ఒక్కొక్క పాట మొదటి రెండు స్వరాలను గుర్తుపెట్టుకోమని చాలామంది చెబుతారు. నేను ఆ దారిన నేర్పను. నాలుగు స్థానాల దూరాన్నే తీసుకోండి. స నుంచి అంతర గాంధారానికి నాలుగు స్థానాలు, శుద్ధ మధ్యమం నుంచి చతుశ్రుతి ధైవతానికి నాలుగు, పంచమం నుంచి కాకలి నిషాదానికి కూడా నాలుగే. షడ్జం వెనుక మోగుతూ ఉండగా ఈ మూడింటినీ పాడి చూడండి. గాంధారం దగ్గర ఆగితే చెవికి నిలకడగా ఉంటుంది, కాకలి నిషాదం దగ్గర ఆగితే పై షడ్జానికి వెళ్లాలన్న తొందర కలుగుతుంది. దూరం ఒకటే అయినా అనుభూతి వేరు. పాట ద్వారా దూరాన్ని గుర్తుపెట్టుకున్నవారు పాట ఎత్తుకున్న చోటు మారగానే తడబడేది ఇందువల్లే. ఆధార షడ్జంతో ప్రతి స్వరానికీ ఉన్న సంబంధాన్ని పట్టుకున్నవారికి ఆ ఇబ్బంది రాదు, శ్రుతి మార్చినా ఆ సంబంధం మారదు కాబట్టి.

పర్ఫెక్ట్ పిచ్ సంగతి ఇంత సూటిగా తేలదు. అది ఉన్నవారిలో అత్యధికులు ఆరేడేళ్ల లోపే సంగీతం మొదలుపెట్టినవారు. అయినా పెద్దలకు తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. పాల్ బ్రేడీ అనే ఆయన పెద్దవయసులో తన మీద తానే చేసుకున్న ప్రయోగాన్ని 1970లో ప్రచురించారు. ఆయన పన్నెండు స్వరాలనూ సమానంగా అభ్యసించలేదు. మొదట్లో సి స్వరమే ఎక్కువగా మోగేలా టేపులు తయారుచేసుకుని, క్రమంగా మిగిలిన స్వరాల పాలు పెంచుతూ, దాదాపు అరవై గంటలు విన్నారు. తర్వాత పరీక్షగా, రోజూ ఉదయం ఆయన భార్య పియానో మీద ఏదో ఒక స్వరం మోగించేవారు. అలా 57 ఉదయాలలో 37 సార్లు ఆయన సరిగ్గా చెప్పారు, మిగిలిన తప్పులు రెండు తప్ప అన్నీ ఒక్క స్థానం తేడాతో వచ్చినవే. రోజుకు ఒక్క స్వరమే కాబట్టి ముందు విన్నదాని నుంచి కొలిచే అవకాశం లేదు. నాకు ఈ ఫలితం మీద నమ్మకం కలిగించింది ఆ ఉదయపు పరీక్షే.

యెట్టా వాంగ్ బృందం చేసిన అధ్యయనంలో 43 మంది పెద్దలు 12 నుంచి 40 గంటల శిక్షణ పొందితే, ఆరుగురు మాత్రమే పన్నెండు స్వరాలనూ తొంభై శాతం కచ్చితత్వంతో చెప్పగలిగారు. అంటే సుమారు 14 శాతం. మొత్తం మీద కొంత మెరుగుదల కనిపించినా, గమ్యానికి చేరినవారు ఏడుగురిలో ఒకరే. మీకు వందగంటల తీరిక ఉంటే తొంభై గంటలు రిలేటివ్ పిచ్‌కు ఇచ్చి, పది గంటలు ఒకే ఒక్క స్వరాన్ని జ్ఞాపకంలో నిలుపుకోవడానికి ఇవ్వండి అనే నా సలహాకు ఆధారం ఇదే. ఆ ఒక్క స్వరం నిలిస్తే, మిగిలిన పదకొండింటినీ దాని నుంచి కొలవవచ్చు. దీనిని పర్ఫెక్ట్ పిచ్ అనకూడదు. మోగిన వెంటనే పేరు తోచదు, లెక్కకు రెండు మూడు క్షణాలు పడుతుంది, అప్పటికే వేరే శ్రుతిలో సంగీతం నడుస్తుంటే మనసులోని ఆధారం చెదిరిపోతుంది. కచేరీకి ముందు శ్రుతి ఊహించుకోవడానికి, చేతిలో వాద్యం లేనప్పుడు స్వరం రాసుకోవడానికి మాత్రం ఇది సరిపోతుంది.

ఏ స్వరం ఎంచుకోవాలని అడగవద్దు, 440 హెర్ట్జ్ ఎ ఎంచుకోండి. శ్రుతిదండం దానికే ఎక్కువగా దొరుకుతుంది, నేను వాడేదీ అదే. గొంతులో అత్యంత కింది స్వరాన్ని గుర్తుగా పెట్టుకుందామని ఇద్దరు రాశారు. అది వద్దు. నిద్ర లేవగానే గొంతు మామూలుకంటే కిందికి దిగుతుంది, జలుబు చేస్తే మరీ దిగుతుంది, గుర్తు కూడా దాంతోపాటే జరుగుతుంది.

అభ్యాసం ముప్పై రోజులు. ఉదయం ఏ పాటా, ఫోన్ రింగ్‌టోనూ వినకముందు మనసులో ఎను తలచుకుని, దానిని పాడి రికార్డు చేయండి. ఆ తర్వాతే శ్రుతిదండం మోగించి, ఎన్ని స్థానాలు ఎక్కువో తక్కువో ప్లస్, మైనస్ గుర్తుతో రాసుకోండి. స్థాయి తేడాను లెక్కలోకి తీసుకోవద్దు. తప్పినా రెండోసారి ప్రయత్నించవద్దు. రాసుకున్నాక మాత్రం శ్రుతిదండంతో కలిపి ఒక నిమిషం పాడండి. ఊరికే ఊహించినా ముప్పైలో రెండు మూడు సరిగ్గా రావచ్చు, ఒక స్థానం తేడాను కూడా కలుపుకుంటే ఏడెనిమిది రావచ్చు. ఈ రెండవ లెక్క పదిహేను దాటితే మీ జ్ఞాపకంలో ఏదో నిలుస్తోందని అర్థం. తేడాలన్నీ ఒకే వైపు, ఉదాహరణకు ఎప్పుడూ మైనస్ రెండు దగ్గరే పడుతుంటే, మీకు స్వరం నిలిచింది గానీ అది ఎ కాదు, జి. అప్పుడు గుర్తును మార్చుకోకుండా, ఆ ముప్పై అంకెలూ ఉన్నవి ఉన్నట్టుగా నాకు పంపండి. అయిదవ పాఠం వాటితోనే మొదలుపెడతాను.