అరవై సెకన్ల వీడియోలో మాట ఒకచోట, బొమ్మ ఒకచోట: ఎందుకు, ఎలా సరిచేయాలి

క్లిప్పులు ముందే తీసేసి, ఎడిట్ కూడా అయిపోయాక స్క్రిప్టు రాసేవాళ్లకు తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఇది. కుళాయి మూతికి బిగించే ఎరేటర్, అంటే నీళ్లలో గాలి కలిపి ధార తగ్గించే చిన్న జాలీ గురించిన వీడియో అనుకుందాం. ఐదు క్లిప్పులు: 6, 14, 14, 16, 10 సెకన్లు. మొత్తం అరవై. వాయిస్ కూడా సరిగ్గా అరవై సెకన్లే వచ్చింది. అయినా కలిపి చూస్తే అతకదు.

స్క్రిప్టు మీద చేయి వేసే ముందు, తేడా ఎక్కడ మొదలైందో చూడండి. ఒక్క క్లిప్పులోనే ఉంటే తప్పు ఆ క్లిప్పు మాటల్లో ఉంది. పోనుపోను పెరుగుతుంటే తప్పు మాటల్లో లేదు, టైమ్‌లైన్‌లో ఉంది.

సమస్య: వాయిస్ క్లిప్పు క్లిప్పుకీ ఇంకాస్త వెనకబడుతోంది

క్లిప్పుల మధ్య డిసాల్వ్‌లు పెట్టి ఉంటారు. ఒక బొమ్మ కరిగి ఇంకోటి వచ్చే అర సెకనులో రెండు క్లిప్పులూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఐదు క్లిప్పుల మధ్య నాలుగు డిసాల్వ్‌లుంటే రెండు సెకన్లు పోయినట్టే. ఐదో క్లిప్పు 50వ సెకనులో కాదు, 48లోనే మొదలవుతుంది. వీడియో మొత్తం 58 సెకన్లే.

దీనికి స్క్రిప్టు కోయక్కర్లేదు. మామూలు కట్‌లు పెట్టండి. డిసాల్వ్ ఉండాల్సిందే అంటే, ప్రతి క్లిప్పు మొదలయ్యే సెకను టైమ్‌లైన్ మీదే చూసి రాసుకుని, వాయిస్‌ను క్లిప్పుకో ముక్కగా విడదీసి అక్కడక్కడ పెట్టండి. చివర తగ్గిన రెండు సెకన్లకు, ఫోన్ నంబరు చూపించే ఆఖరి కార్డును నిలిపి ఉంచితే చాలు. ఫైలు అసలు నిడివి మీద అనుమానముంటే, ప్లేయర్ చూపించే 0:06ని నమ్మకండి. అది పూర్తి సెకన్లే చూపిస్తుంది. FFmpegతో పాటు వచ్చే ffprobeను టెర్మినల్‌లో ఇలా నడిపితే దశాంశాలతో సహా అసలు నిడివి తెలుస్తుంది.

```
ffprobe -v error -show_entries format=duration -of csv=p=0 clip1.mp4
```

సమస్య: మాట పక్క క్లిప్పులోకి పొంగిపోతోంది

మొత్తం అరవైకి సరిపెట్టారు గానీ, క్లిప్పుకు ఇంత అని పంచుకోలేదు. ఈ పంపకం పదాల లెక్కన కుదరదు. "కడిగేటప్పుడు" ఒక్క పదమే, కానీ "ఈ" కంటే ఎంతో పొడుగు. అక్షరాలు లెక్కపెట్టండి. గుణింతమైనా ఒత్తున్నా ఒకటే లెక్క, పొల్లు హల్లును వదిలేయండి. నిదానంగా, స్పష్టంగా చదివితే సెకనుకు ఆరు అక్షరాలు అనుకోవచ్చు. మీ గొంతు వేగం తెలియాలంటే ముప్పై సెకన్లు చదివి లెక్కపెట్టుకోండి.

6 సెకన్ల మొదటి క్లిప్పులో ముందు అర, వెనక అర సెకను ఊపిరికి వదిలితే ఐదు మిగులుతాయి, అంటే 30 అక్షరాలు. రాసిందేమో ఇది:

"మనం గిన్నెలు కడిగేటప్పుడు కుళాయి నుంచి అవసరానికి మించి నీళ్లు వృథాగా పోతూ ఉండటం ప్రతి ఇంట్లోనూ చూస్తూనే ఉంటాం."

44 అక్షరాలు. ఏడు సెకన్లు దాటుతుంది. గిన్నెలు, కుళాయి, ఇల్లు బొమ్మలో కనిపిస్తూనే ఉన్నాయి. కనిపించనిది చెబితే సరిపోతుంది:

"కడిగేవి నాలుగు గిన్నెలు. వృథాగా పోయేది బకెట్టెడు నీళ్లు."

22 అక్షరాలు. మిగిలిన ఖాళీని నింపకండి, నీళ్ల చప్పుడు వినిపించనివ్వండి.

వాయిస్‌ను ఎడిటర్‌లో వేగం పెంచి సరిపెట్టడం చాలామంది చేసే పని. ఐదు శాతం దాకా ఎవరికీ తెలియదు. అంతకు మించితే ఒత్తులు నలిగిపోయి, తరుముకొస్తున్నట్టు వినిపిస్తుంది. మాట తగ్గించడమే మేలు.

సమస్య: చేతులు ఇంకా పని చేస్తుంటే మాట అయిపోయింది

బిగించి చూపించే రెండో క్లిప్పులో ఇది ఎక్కువ. "పాత జాలీని తీసేసి, వాషర్ పెట్టిన తర్వాత, ఈ ఎరేటర్‌ను బిగిస్తే సరిపోతుంది" అన్న వాక్యం ఐదు సెకన్లలో ముగుస్తుంది. చేతులేమో 2వ సెకనులో జాలీ తిప్పడం మొదలుపెట్టి, 6లో వాషర్ పెట్టి, 10లో బిగిస్తున్నాయి. అన్నిటినీ ఒకే వాక్యంలో గుచ్చడమే కారణం. పని ఎప్పుడు మొదలవుతుందో రాసుకుని, ఒక్కో పనికి ఒక్కో వాక్యం ఇవ్వండి:

0:02 పాత జాలీ తిప్పి తీసేయండి.
0:06 వాషర్ లోపల పెట్టండి.
0:10 ఇక చేత్తో బిగించండి.

ఇవి ఈ క్లిప్పు మొదలు నుంచి లెక్కేసిన సెకన్లు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి వాక్యం ఎంత పొట్టిగా ఉంటే పనికి అంత దగ్గరగా పడుతుంది.

సమస్య: కాగితం మీద పొట్టిగా ఉన్న చివరి లైను చదివితే పట్టడం లేదు

అంకెల పని అది. ₹149 చూడటానికి చిన్నదే, "నూట నలభై తొమ్మిది రూపాయలు" అంటే 12 అక్షరాలు. పదంకెల ఫోన్ నంబరు ఆగి ఆగి చదివితే ఆరు సెకన్లకు పైనే. పది సెకన్ల క్లిప్పులో ఇంక దేనికీ చోటుండదు. అంకెలన్నీ స్క్రిప్టులో అక్షరాలతోనే రాసుకోండి. ఫోన్ నంబరును బొమ్మకు వదిలేసి, "స్క్రీన్ మీద నంబరుకు ఫోన్ చేయండి" అనండి. రెండు సెకన్ల పని, నంబరు మాత్రం క్లిప్పు పొడుగునా కనిపించాలి.