ఇన్‌వాయిస్‌లో సర్‌చార్జీ చూసి కస్టమర్ ఉలిక్కిపడకుండా

కస్టమర్ల నుంచి ఫోన్లు ఎక్కువగా వచ్చేది రవాణా రేటు పెరిగినందుకు కాదు, పెరిగింది లెక్కకు అందనందుకు. అందుకే శాతాలు చెప్పడం మానేసి, కస్టమర్ పాత బిల్లునే కొత్త రేట్లతో మళ్లీ వేసి ముందుగా పంపడం మొదలుపెట్టాను.

ఐదు పార్శిళ్లు, మూల రవాణా ఛార్జీ 1000 అనుకుందాం. ఫ్యూయల్ సర్‌చార్జీ 16 శాతమైతే బిల్లు 1160. సీజన్‌లో అది 18 శాతమై, పార్శిల్‌కు 40 చొప్పున పీక్ సర్‌చార్జీ చేరితే బిల్లు 1380 అవుతుందని కస్టమర్ లెక్కేస్తాడు. వచ్చేది 1416. చాలా క్యారియర్లు పీక్ సర్‌చార్జీ మీద కూడా ఫ్యూయల్ శాతం వేస్తాయి. ఆ తేడా 36 అక్కడిదే. మీ ఒప్పందంలో ఎలా ఉందో ముందు చూసుకోండి.

కాబట్టి పెరిగిన 256ను విడగొట్టి రాస్తాను: పీక్ 200, ఫ్యూయల్ శాతం పెరిగినందుకు 20, పీక్ మీద ఫ్యూయల్ 36. ఇన్‌వాయిస్‌లోనూ ఇవే పేర్లు, ఇదే వరుస. "ఇతర ఛార్జీలు" అని కలిపేస్తే ముందు చెప్పినదంతా వృథా.

ఇంకో చిక్కు తేదీ. ఫ్యూయల్ శాతం వారం వారం మారే చోట, సరుకు బయల్దేరిన రోజు రేటా, బిల్లు తేదీ రేటా అన్నది నోటీసులోనే రాయాలి. పీక్ సర్‌చార్జీకైతే మొదలు, ముగింపు తేదీలు రెండూ ఇవ్వాలి. ముగింపు చెప్పకపోతే అది శాశ్వతమనుకుని కొందరు అప్పుడే వేరే కొటేషన్లు అడుగుతారు.